ధర లేనిదానికి విలువ కట్టడం

ప్రభుత్వం ఒక వంతెనకో ఆనకట్టకో విమానాశ్రయానికో డబ్బు పెట్టేముందు, ఆ ఖర్చుకు తగ్గ మేలు జనానికి జరుగుతుందా అని చూసుకునే లెక్కనే వ్యయ–ప్రయోజన విశ్లేషణ అంటారు. వ్యాపారి కూడా పెట్టుబడి పెట్టేముందు లెక్క వేసుకుంటాడు. అయితే ఆయన చూసేది తన చేతికి వచ్చేదీ, తన చేతి నుంచి పోయేదీ మాత్రమే. ప్రభుత్వం వేసే లెక్కలో లాభం ఎవరికి వచ్చినా రాబడే, నష్టం ఎవరికి జరిగినా ఖర్చే. 1936లో అమెరికా చేసిన వరద నియంత్రణ చట్టం ఈ సంగతిని సూటిగా రాసిపెట్టింది. ప్రయోజనాలు ఎవరికి చేరినా సరే, అన్నీ కలిపి అంచనా ఖర్చుకు మించి ఉంటేనే కేంద్ర ప్రభుత్వం ఆ పనిలో చేయి వేయాలన్నది దాని సారాంశం.

ఈ ఆలోచనకు పునాది అంతకు చాలా ముందే పడింది. 1844లో జ్యూల్ డ్యుపుయీ అనే ఫ్రెంచి ఇంజినీరు, వంతెన వల్ల కలిగే మేలును అక్కడ వసూలైన సుంకంతో కొలవకూడదని వాదించాడు. వంతెన దాటడానికి రూపాయి సుంకం ఉందనుకుంటే, ఐదు రూపాయలైనా ఇచ్చి దాటేవాడూ ఆ రూపాయే ఇస్తాడు. మిగిలిన నాలుగు రూపాయల మేలు అతనికి కలిగినా, సుంకం పుస్తకంలోకి ఎక్కదు. అర్ధరూపాయి అయితే దాటేవాడు రూపాయికి భయపడి ఆగిపోతే, ఆ నష్టమూ ఎక్కడా నమోదు కాదు. కాబట్టి ఒక్కొక్కరు గరిష్ఠంగా ఎంత ఇవ్వడానికి సిద్ధపడతారో అదే అసలు ప్రయోజనం. ఆర్థికశాస్త్రం వినియోగదారుని మిగులు అని పిలిచేది ఆ నాలుగు రూపాయలనే. ధర లేని వస్తువుకు విలువ కట్టే పద్ధతులన్నీ ఏదో ఒక దారిలో ఈ ‘ఎంత ఇవ్వడానికి సిద్ధం’ అనే ప్రశ్నకే జవాబు వెతుకుతాయి.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణలో చూడవచ్చు. ఒక ఊరికీ మండల కేంద్రానికీ మధ్య వాగు ఉంది. వంతెన లేక బండ్లన్నీ ఎనిమిది కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతున్నాయి. వంతెన కట్టడానికి 12 కోట్ల రూపాయలవుతుంది, అది 30 ఏళ్లు పనిచేస్తుంది. రోజుకు 1,000 ప్రయాణాలు జరుగుతాయి. ఒక్కో ప్రయాణంలో పెట్రోలు, బండి అరుగుదల కలిపి 20 రూపాయలు, సమయం 20 నిమిషాలు ఆదా అవుతాయి. పెట్రోలు, అరుగుదల ఆదా ఏడాదికి 73 లక్షలు. సమయం ఏడాదికి సుమారు 1,21,700 గంటలు. గంటకు 60 రూపాయల చొప్పున విలువ కడితే అదీ 73 లక్షలే. మొత్తం 1.46 కోట్ల నుంచి ఏటా మరమ్మతులకు 6 లక్షలు తీసేస్తే, నికరంగా మిగిలేది 1.40 కోట్లు.

ముప్పై ఏళ్లకు ఇది 42 కోట్లు కదా, 12 కోట్ల పనికి అది చాలదా అనిపిస్తుంది. కానీ ముప్పయ్యో ఏట వచ్చే రూపాయి ఈరోజు చేతిలో ఉన్న రూపాయితో సమానం కాదు. ఈరోజు వంతెనలో పెట్టే డబ్బును ఇంకో పనిలో పెడితే అదీ ఏటా పెరిగేదే. అందుకే రాబోయే ఏళ్ల ప్రయోజనాలను వడ్డీలాంటి ఒక రేటుతో తగ్గించి ఈనాటి విలువకు తెస్తారు. దానినే డిస్కౌంట్ రేటు అంటారు. నూటికి 10 చొప్పున తగ్గిస్తే, ఏటా 1.40 కోట్ల చొప్పున 30 ఏళ్లు వచ్చే మొత్తం ఈనాటి విలువలో 13.2 కోట్లు. ఖర్చు 12 కోట్లు కాబట్టి ప్రయోజన–వ్యయ నిష్పత్తి 1.1. వంతెన గట్టెక్కింది.

ఆ గట్టెక్కడం ఎంత సన్నని దారిలో జరిగిందో చూడాలి. రేటును 12కు పెంచితే ఈనాటి విలువ 11.3 కోట్లకు పడిపోయి వంతెన నష్టాల్లోకి పోతుంది. 6కు తగ్గిస్తే 19.3 కోట్లకు పెరిగి నిష్పత్తి 1.6 అవుతుంది. సమయానికి విలువే లేదని ఆ పద్దును కొట్టేస్తే మిగిలేది 6.3 కోట్లు, అంటే ఖర్చులో సగం. ఖర్చంతా ఈ ఏడే పెట్టేసి, పనులు సాగి సాగి వంతెన ఐదేళ్లు ఆలస్యంగా తెరుచుకుంటే, 13.2 కోట్ల మేలు 8.2 కోట్లకు తగ్గుతుంది. ఇటుకా సిమెంటూ మారలేదు, వాగూ మారలేదు. మారింది లెక్కలో పెట్టుకున్న ఊహ ఒక్కటే. అందువల్ల ఏ నివేదికలోనైనా చివరి అంకె కన్నా, ఏ ఊహ ఎంత మారితే ఆ అంకె తలకిందులవుతుందన్నది ముఖ్యం. పై వంతెన విషయంలో గంటకు 60 రూపాయలని కాకుండా 49 రూపాయలని కడితే చాలు, లాభమంతా ఆవిరవుతుంది.

ఈ లెక్కలో తెలియకుండా దొర్లే తప్పులు కొన్ని ఉన్నాయి. వంతెన వస్తే ఊళ్లో స్థలాల ధరలు పెరుగుతాయి. ఆ పెరుగుదలను కూడా ప్రయోజనాల్లో కలిపేయాలని అధికారులకు అనిపిస్తుంది. కానీ స్థలం ధర పెరిగేది ప్రయాణ సమయం, ఖర్చు తగ్గడం వల్లనే. ఆ ఆదాను ఒకసారి లెక్కించాక ధరల పెరుగుదలను మళ్లీ కలిపితే ఒకే మేలును రెండుసార్లు రాసుకున్నట్టు. పెట్రోలు ఆదాలో పన్ను వాటా కూడా అలాంటిదే. ప్రయాణికుడికి మిగిలిన పన్ను ప్రభుత్వానికి తగ్గిన పన్ను, కాబట్టి సమాజం మొత్తానికి ఆ భాగంలో లాభమూ లేదు, నష్టమూ లేదు. అన్నిటికన్నా తరచుగా జరిగే పొరపాటు పోలికలోనే ఉంటుంది. వంతెనకు ముందు, తర్వాత అని కాదు, వంతెన ఉంటే, లేకుంటే అని పోల్చాలి. చుట్టుదారి రోడ్డును వచ్చే ఏడు ఎలాగూ వెడల్పు చేయబోతున్నట్టయితే, దాని వల్ల మిగిలే సమయాన్ని వంతెన ఖాతాలో వేయకూడదు.

సమయానికి గంటకు 60 రూపాయలని ఎక్కడి నుంచి తెస్తారు? సమయం ఏ అంగట్లోనూ అమ్మరు. అయినా జనం రోజూ సమయానికి ధర కడుతూనే ఉంటారు. బస్సు కోసం వేచి ఉండకుండా 20 రూపాయలు ఎక్కువిచ్చి షేర్ ఆటో ఎక్కి 20 నిమిషాలు ముందు చేరేవాడికి గంట విలువ కనీసం 60 రూపాయలు. వేలమంది ఇలాంటి ఎంపికలను గమనించి, ఎక్కడ సగంమంది ఇటు, సగంమంది అటు మొగ్గుతున్నారో చూస్తే సమయం ధర బయటపడుతుంది. మాటల్లో చెప్పినదాన్ని కాకుండా చేతల్లో చూపినదాన్ని నమ్మే పద్ధతి ఇది. దీనిలో ఒక చిక్కు ఉంది. డబ్బున్నవాడు సమయానికి ఎక్కువ ఇస్తాడు. కూలికి పోయే మనిషి గంట నడిచైనా ఆ 20 రూపాయలు మిగుల్చుకుంటుంది. ఆమె గంటకు విలువ తక్కువని కాదు, ఆమె దగ్గర డబ్బు తక్కువ. ఈ తేడాను సరిదిద్దకుండా లెక్క వేస్తే, ఖరీదైన కార్లు తిరిగే ఫ్లైఓవరు ఎప్పుడూ పల్లె వంతెన కన్నా లాభసాటిగానే కనిపిస్తుంది.

ధర లేనివాటన్నిటికీ విలువ కట్టి తీరాలని పెద్ద ఎత్తున పట్టుబట్టిన ప్రయత్నం బ్రిటన్‌లో జరిగింది. లండన్‌కు మూడో విమానాశ్రయం ఎక్కడ కట్టాలో తేల్చడానికి 1968లో జస్టిస్ రోస్కిల్ అధ్యక్షతన ఒక కమిషన్‌ను వేశారు. ఎన్నో స్థలాలను వడపోసి నాలుగింటిని మిగిల్చారు. వాటిలో చివరిదాకా పోటీ పడినవి రెండు. ఒకటి బకింగ్‌హామ్‌షైర్‌లో పల్లెలు, పొలాలు ఉన్న కబ్లింగ్టన్. రెండోది ఎసెక్స్ తీరంలో, లండన్‌కు దూరంగా, బురదమేటల మీద ఉన్న ఫౌల్‌నెస్. ఒకచోట జనం నష్టపోతారు, రెండోచోట ప్రయాణికులు దూరం పోవాలి. ఈ రెండిటినీ ఒకే తక్కెడలో తూచాలంటే శబ్దానికీ, ఊరు వదిలిపోవడానికీ, పాత కట్టడాలకూ పౌండ్లలో విలువ కట్టక తప్పలేదు.

శబ్దం విలువను ఇళ్ల ధరల నుంచి రాబట్టారు. అప్పటికే నడుస్తున్న విమానాశ్రయాల చుట్టుపక్కల, అన్ని విధాలా ఒకేలా ఉన్న రెండు ఇళ్లలో విమానాల మోత వినిపించే ఇల్లు ఎంత తక్కువకు పోతోందో చూశారు. ఆ తగ్గుదల నిశ్శబ్దానికి మార్కెట్ ఇస్తున్న ధర. ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. చెరువు పక్క ఇంటికీ, డంపింగ్ యార్డు పక్క ఇంటికీ మధ్య ధర తేడా చూసి గాలి విలువ, దృశ్యం విలువ అంచనా వేస్తారు. ఈ లెక్క నిలవాలంటే కొనేవాళ్లకు ఆ ఇబ్బంది గురించి ముందే తెలిసి ఉండాలి, ఇల్లు మారడం తేలిక కావాలి. ఇళ్ల బజారే లేని చోట, అంటే పట్టా భూములు కొద్దిగా, పోడు భూములు ఎక్కువగా ఉన్న ఏజెన్సీ గ్రామంలో, ఇది పనికిరాదు.

అయితే ఇంటి ధరలో తగ్గుదల ఒక్కటే నష్టం కాదని కమిషన్ పరిశోధకులకు తెలుసు. పుట్టి పెరిగిన ఇల్లు యజమానికి మార్కెట్ ధర కన్నా ఎక్కువ. అమ్మకానికి పెట్టకపోవడమే దానికి రుజువు. ఆ ఎక్కువ ఎంతో తెలుసుకోవడానికి జనాన్నే అడిగారు. మార్కెట్ ధర మీద ఇంకా ఎంత ఇస్తే ఇల్లు వదిలి పోతారన్నది ప్రశ్న. నూటికి 8 మంది ఎంత ఇచ్చినా పోమన్నారు. లెక్క ఇక్కడ బిగుసుకుపోయింది. ఒక్కరి నష్టాన్నయినా అనంతమని రాస్తే మొత్తం కూడిక అనంతమే అవుతుంది, ఏ విమానాశ్రయమూ ఎక్కడా కట్టలేరు. పరిశోధకులు ఆ జవాబులన్నిటినీ 5,000 పౌండ్ల దగ్గర ఆపేశారు. ఆ అంకెకు జనం జవాబుల్లో ఆధారం లేదు. కూడిక పూర్తి కావడానికి ఒక అంకె కావలసి వచ్చింది, అంతే.

స్ట్యూక్లీ అనే ఊళ్లో 12వ శతాబ్దపు నార్మన్ చర్చి ఉంది. కబ్లింగ్టన్‌లో విమానాశ్రయం వస్తే దానికి ముప్పు. చర్చికి విలువ కట్టడానికి పరిశోధకులు దాని అగ్నిప్రమాద బీమా మొత్తాన్ని తీసుకున్నారు. అది సుమారు 51,000 పౌండ్లు. బీమా మొత్తం చెప్పేది కట్టడాన్ని తిరిగి కట్టడానికయ్యే ఖర్చు. ఎనిమిది వందల ఏళ్ల చర్చిని తిరిగి కట్టగలిగేది ఎవరు? దొరికిన అంకెను కావలసిన అంకెగా చెలామణి చేయడం ఈ విశ్లేషణల్లో పదేపదే కనిపించే దోషం. దీన్ని పట్టుకోవడానికి ప్రతి పద్దు దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ అంకె ఏ సందర్భంలో, ఏ పని కోసం పుట్టింది? పన్ను కోసమా, బీమా కోసమా, స్టాంపు డ్యూటీ కోసమా? మన దగ్గర భూసేకరణలో రిజిస్ట్రేషన్ విలువను పొలం అసలు విలువగా రాయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి తక్కువ చేసి రాసుకున్న ధరే, తర్వాత ముంపు నష్టానికి కొలబద్ద అవుతోంది.

కమిషన్ 1971 జనవరిలో నివేదిక ప్రచురించింది. నాలుగు స్థలాల్లో ఏది ఎంచుకున్నా మొత్తం ఖర్చు 200 కోట్ల పౌండ్లకు పైనే. ఫౌల్‌నెస్‌కు కబ్లింగ్టన్ కన్నా 15 కోట్ల పౌండ్లకు పైగా ఎక్కువవుతుందని తేల్చి, కబ్లింగ్టన్‌ను సిఫారసు చేసింది. ఆ తేడా ప్రధానంగా వచ్చింది ఒకే ఒక పద్దు నుంచి. అది ప్రయాణికులు దూరపు విమానాశ్రయానికి పోవడంలో ఖర్చయ్యే డబ్బు, సమయం. శబ్దం, ఇళ్లు, చర్చి అన్నీ కలిసినా దాని ముందు చిన్నవే. అంటే కబ్లింగ్టన్ పల్లెల భవితవ్యాన్ని తేల్చింది, ఇంకా పుట్టని విమాన ప్రయాణికుల గంటకు కట్టిన రేటు. కమిషన్ సభ్యుల్లో నగర ప్రణాళికా నిపుణుడు కొలిన్ బ్యుకానన్ ఒక్కడే దీనికి ఒప్పుకోక అసమ్మతి నివేదిక రాశాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రభుత్వం కమిషన్ మాటను కాదని ఫౌల్‌నెస్‌ను ఎంచుకుంది. 1974లో దాన్నీ రద్దు చేసింది. చివరికి విస్తరించింది, ఆ నాలుగింటిలో లేని స్టాన్‌స్టెడ్‌ను.

రోస్కిల్ లెక్కను పనికిరాని పని అని తీసిపారేసినవాళ్లు చాలామంది ఉన్నారు. అది న్యాయం కాదు. అంకెలన్నీ బహిరంగంగా ఉన్నందువల్లనే చర్చి విలువ తప్పని, 5,000 పౌండ్ల కోతకు ఆధారం లేదని ఊళ్లవాళ్లు పట్టుకోగలిగారు. విలువ కట్టలేమని వదిలేసిన వస్తువుకు లెక్కలో పడేది సున్నా. ఆ సున్నా ఎవరి కంటా పడదు, దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

చూసేందుకు జనం వెళ్లే అడవి, జలపాతం, లోయలాంటి వాటికి ఇంకో పద్ధతి ఉంది. 1947లో అమెరికా జాతీయ ఉద్యానాల శాఖకు రాసిన లేఖలో హెరల్డ్ హోటెలింగ్ అనే ఆర్థికవేత్త దీన్ని సూచించాడు. ఉద్యానానికి టికెట్ లేకపోయినా, దూరం నుంచి వచ్చేవాడు దారి ఖర్చు రూపంలో ధర చెల్లిస్తూనే ఉన్నాడు. అరకులోయను తీసుకుంటే, విశాఖపట్నం నుంచి, విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి లక్ష జనాభాకు ఏటా ఎంతమంది వస్తున్నారో లెక్కిస్తారు. దారి ఖర్చు పెరిగేకొద్దీ వచ్చేవాళ్లు ఎంత తగ్గుతున్నారో చూస్తే, లోయకు టికెట్ పెడితే ఎవరెంత ఇస్తారో ఊహించవచ్చు. పద్ధతి తెలివైనదే. కానీ తరతరాలుగా ఆ లోయలోనే ఉంటున్న గిరిజనుడికి దారి ఖర్చు సున్నా. ఈ లెక్క ప్రకారం లోయ విలువ ఎక్కువగా తెలిసినవాడు దూరం నుంచి వచ్చిన యాత్రికుడే. ఎవరికోసం ఏ పద్ధతి తయారైందో గుర్తుపెట్టుకోకపోతే ఇలాంటి తప్పులే జరుగుతాయి.

ఎప్పుడూ చూడబోని చోటు కూడా బాగుండాలని కోరుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల చేతల్లో దాని జాడ ఎక్కడా కనపడదు, కాబట్టి అడగడం తప్ప దారి లేదు. 1989 మార్చిలో ఎక్సాన్ వాల్దీజ్ అనే చమురు నౌక అలాస్కా తీరంలో ఒరుసుకుని చమురు కక్కింది. అక్కడికి వెళ్లని అమెరికన్ కుటుంబాలను, ఇలాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా చూసే పథకానికి ఎంత ఇస్తారని అలాస్కా రాష్ట్రం తరఫు పరిశోధకులు అడిగారు. మధ్యస్థ జవాబు కుటుంబానికి 31 డాలర్లు. దేశంలోని కుటుంబాలన్నిటికీ గుణిస్తే 280 కోట్ల డాలర్లు. కంపెనీ తరఫు నిపుణులు ఈ పద్ధతినే తప్పుబట్టారు. వాళ్లు చూపిన ఒక అధ్యయనం గట్టి దెబ్బే కొట్టింది. చమురు గుంటల్లో పడి చచ్చే వలస పక్షులను కాపాడటానికి ఎంత ఇస్తారని మూడు బృందాలను అడిగారు. 2,000 పక్షులకు సగటున 80 డాలర్లు, 20,000 పక్షులకు 78 డాలర్లు, 2,00,000 పక్షులకు 88 డాలర్లు వచ్చాయి. పక్షుల సంఖ్య వందింతలైనా జవాబు దాదాపు కదలలేదు. జనం చెప్పింది పక్షుల విలువ కాదు, పక్షుల మీద తమ సానుభూతి.

ఈ గొడవను తీర్చడానికి అమెరికా ప్రభుత్వం కెన్నెత్ ఏరో, రాబర్ట్ సోలో అనే ఇద్దరు నోబెల్ గ్రహీతల సారథ్యంలో నిపుణుల సంఘాన్ని వేసింది. అడగడం పనికొస్తుంది, కానీ పద్ధతిగా అడగాలని 1993లో ఆ సంఘం చెప్పింది. ముఖాముఖిగా అడగాలి. ‘ఎంత ఇస్తారు’ అని వదిలేయకుండా, ‘ఇంత పన్ను పడుతుంది, ఓటు వేస్తారా వేయరా’ అని అడగాలి. ఇక్కడ ఇచ్చిన డబ్బు ఇంకో ఖర్చుకు ఉండదని గుర్తుచేయాలి. వస్తువు పరిమాణం మారితే జవాబు మారుతోందో లేదో పరీక్షించాలి. సర్వేలో ఈ చివరి పరీక్ష లేదంటే దాని అంకెను నమ్మనక్కరలేదు.

భారతదేశంలో ఇలాంటి విలువ కట్టడం ఎక్కువగా అడవుల విషయంలో జరిగింది. ప్రాజెక్టుల కోసం అటవీ భూమిని మళ్లించినప్పుడు దాని నికర ప్రస్తుత విలువను వసూలు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కలప, వంటచెరకు, పశుగ్రాసం, ఇతర అటవీ ఫలసాయంతో పాటు నీటిని పట్టి ఉంచడం, కర్బనాన్ని నిల్వ చేయడం లాంటి సేవలకూ లెక్క కట్టారు. 2008లో అడవి రకాన్ని, చిక్కదనాన్ని బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల దాకా రేట్లు ఖరారయ్యాయి. 2022లో వాటిని సుమారు 9.57 లక్షల నుంచి 15.95 లక్షలకు పెంచారు. సున్నా కన్నా ఇది ఎంతో నయం. కానీ ఈ సొమ్ము, పని ఖాయమయ్యాక కట్టే రుసుముగానే మిగిలిపోయింది. అడవి విలువ చూసి వేరే స్థలం వెతుక్కునే నిర్ణయానికి అది దారితీయడం అరుదు. తునికాకు, ఇప్పపువ్వు ఏరుకునే కుటుంబానికి ఆ నిధి నుంచి నేరుగా చేరేదీ లేదు.

నీటిపారుదలలో లెక్క వేరుగా నడుస్తుంది. బ్రిటిష్ కాలం నుంచి ప్రాజెక్టును నీటి తీరువాతో తూచేవారు. వసూలయ్యే తీరువా పెట్టుబడి మీద వడ్డీకి సరిపోవాలన్నది నియమం. డి.ఆర్.గాడ్గిల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1964లో దీన్ని మార్చి, రైతుకు కలిగే ప్రయోజనాన్ని చూడాలని, ప్రయోజన–వ్యయ నిష్పత్తి 1.5 ఉండాలని సిఫారసు చేసింది. కరువు ప్రాంతాలకు తర్వాత 1 ఉంటే చాలన్నారు. నీళ్లు వచ్చాక పండే పంట నికర విలువలోంచి, రాకముందు పండే పంట నికర విలువను తీసేస్తే వచ్చేది ఏటా ప్రయోజనం. పెట్టుబడి మీద నూటికి 10 వడ్డీ, తరుగుదల, నిర్వహణ కలిపితే ఏటా ఖర్చు. ఈ పద్ధతి ఒక ఏడాదినే చూస్తుంది. కాలువలు ఇరవై ఏళ్లకు పొలం చేరినా, మొదటి ఏడే చేరినా నిష్పత్తి మారదు. వంతెన ఉదాహరణలో ఐదేళ్ల ఆలస్యం ఎంత మింగేసిందో చూశాక, ఇది ఎంత పెద్ద లోపమో వేరే చెప్పనక్కరలేదు.

కాళేశ్వరం ఎత్తిపోతల పథకం డీపీఆర్‌లో ఈ నిష్పత్తిని 1.51గా చూపారు. గీత దాటింది ఒక పైసాతో. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ముందుకు వచ్చిన నివేదికలో కాగ్ ఈ లెక్కను తిరగదోడింది. ప్రయోజనాలను ఎక్కువ చేసి, ఏటా అయ్యే ఖర్చులను తక్కువ చేసి చూపారని చెప్పింది. డీపీఆర్ నాటి అంచనాతోనే నిష్పత్తి 0.75 అని, పెరిగిన వ్యయంతో చూస్తే 0.52 అని తేల్చింది. అంటే రూపాయి ఖర్చుకు 52 పైసల ప్రయోజనం. పథకం పూర్తిగా నడిస్తే నీళ్లు ఎత్తిపోయడానికి కరెంటుకే ఏటా పది వేల కోట్ల రూపాయలకు పైగా కావాలని అంచనా వేసింది. గండికొట్టి పారించే కాలువకూ, వందల మీటర్ల ఎత్తుకు తోడే పథకానికీ తేడా ఇక్కడే ఉంది. ఎత్తిపోతల పథకం నిష్పత్తిని చూసేవాళ్లు మొదట వెతకవలసింది యూనిట్ కరెంటుకు ఏ ధర వేశారన్నది, ఆ తర్వాత ఎన్ని ఎకరాలకు ఏ పంట రాశారన్నది. ఏ నివేదికలోనైనా నిష్పత్తి సరిగ్గా గీత మీదే ఆగితే, ఆ రెండు పద్దులనూ రెండుసార్లు చదవాలి.

లెక్క అంతా సరిగ్గా ఉన్నా తేలని సంగతి ఒకటి మిగులుతుంది. లాభం 150, నష్టం 100 అంటే ఆ లాభం ఒకరిది, ఆ నష్టం ఇంకొకరిది కావచ్చు. 1939లో నికొలస్ కాల్డార్, జాన్ హిక్స్ అనే ఆర్థికవేత్తలు దీనికి ఒక జవాబు ఇచ్చారు. లాభపడ్డవాళ్లు నష్టపోయినవాళ్లకు పూర్తి పరిహారం ఇచ్చినా ఇంకా మిగిలేటట్టయితే ఆ పని చేయదగ్గదే అన్నారు. ఇవ్వగలిగితే చాలు, ఇచ్చి తీరాలని ఆ సూత్రంలో లేదు. నది కింద ఆయకట్టు రైతుకు రెండో పంట వస్తుంది, పైన ముంపు గ్రామంలో ఇల్లూ అడవీ గుడీ నీట మునుగుతాయి. రెండూ ఒకే కూడికలో కలిసిపోతాయి. ఐక్యరాజ్య సమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ కోసం పార్థ దాస్‌గుప్తా, స్టీఫెన్ మార్గ్లిన్, అమర్త్య సేన్ 1972లో రాసిన మార్గదర్శకాలు, పేదవాడికి చేరే రూపాయికి ఎక్కువ బరువు ఇచ్చి లెక్కించే దారి చూపాయి. అంతకన్నా మొదట చేయవలసింది, ఎవరికెంత వచ్చింది, ఎవరికెంత పోయిందన్న పట్టికను మొత్తం అంకె పక్కనే అచ్చువేయడం.

2013 భూసేకరణ చట్టం ఈ దిశగా ఒక తలుపు తెరిచింది. సామాజిక ప్రభావ అంచనా చేయాలని, దాని ఖర్చులను ప్రాజెక్టు ప్రయోజనాలతో పోల్చి చూపాలని, ఆ నివేదికను స్థానిక భాషలో పంచాయతీకి అందుబాటులో ఉంచాలని, బహిరంగ విచారణ జరపాలని చెప్పింది. పర్యావరణ అంచనా జరిగే నీటిపారుదల ప్రాజెక్టులకు చట్టంలోనే దీని నుంచి మినహాయింపు ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ తర్వాత సవరణలు తెచ్చి మరికొన్ని రకాల పనులకు మినహాయింపు ఇచ్చే వీలు కల్పించుకున్నాయి. మినహాయింపు లేని చోట తెలుగులో ఆ నివేదిక అడిగి తీసుకునే హక్కు గ్రామస్థులకు ఉంది. విచారణ రోజున అడగవలసినవి మూడు: ఏ డిస్కౌంట్ రేటు వేశారు, ఏ పద్దుకు విలువ కట్టలేదు, ఏ ఊహ ఎంత మారితే ఈ ప్రాజెక్టు నష్టాల్లోకి పోతుంది.